అద్దె ఆపేసి, ఇల్లు ఖాళీ చేయనంటున్న వ్యక్తికి నోటీసు ఎలా రాయాలి?

ప్రశ్న: ఇల్లు మా అమ్మ పేరున ఉంది, వ్యవహారాలు నేను చూస్తాను. కింది భాగం 2024 ఏప్రిల్ 1 నుంచి పదకొండు నెలలకు అద్దెకిచ్చాం. నెలకు రూ.14,000, అడ్వాన్సు రూ.42,000. గడువు 2025 ఫిబ్రవరితో అయిపోయింది, కొత్త అగ్రిమెంటు రాసుకోలేదు, పాత అద్దెకే ఉంటున్నారు. ఆగస్టు నుంచి అద్దె లేదు. అక్టోబరులో ఒకసారి రూ.6,000 ఫోన్‌లో పంపారు. అడిగితే 'అడ్వాన్సులో పట్టుకోండి' అంటారు, ఖాళీ చేయమంటే 'కోర్టుకు వెళ్లండి' అంటారు. 'పదిహేను రోజుల్లో బకాయి కట్టండి, లేదంటే ఇల్లు ఖాళీ చేయండి' అని నోటీసు రాసి పెట్టాను. జనవరి 3న పంపుదామనుకుంటున్నాను. ఇది సరిపోతుందా? కరెంటు తీసేస్తే తొందరగా వెళ్తారని మా బంధువులు అంటున్నారు.

సమాధానం:

మీరు రాసిపెట్టిన ఆ వాక్యాన్ని ముందు చించేయండి. దాదాపు ప్రతి ఇంటి యజమానీ రాసుకొచ్చే వాక్యం అదే. అద్దె దావాల్లో ఎక్కువ తంటా తెచ్చేదీ అదే.

న్యాయవాదిగా కొత్తలో నేనూ ఒక క్లయింటు తరఫున అచ్చం అలాగే రాశాను. ఆరు నెలల బకాయి. పద్నాలుగో రోజున అద్దెదారు రెండు నెలల సొమ్ము మనియార్డరు చేశాడు. తర్వాత కోర్టులో అతని ప్లీడరు లేచి ఒకే ప్రశ్న వేశాడు: 'ఈ నోటీసుతో అద్దె ఒప్పందం రద్దయిందా, లేక డబ్బు కడితే కొనసాగుతుందా?' నా నోటీసు చదివి చూస్తే రెండు అర్థాలూ వస్తున్నాయి. మళ్లీ కొత్త నోటీసు ఇచ్చి, మళ్లీ దావా వేయడానికి ఏడాది పైనే పట్టింది. ఆ తర్వాత 'లేదంటే' అన్న మాట నా నోటీసుల్లోకి రాలేదు.

సంగతి ఏమిటంటే, మీ నోటీసు చేయాల్సిన పనులు రెండు. ఒకటి, నిలిచిపోయిన డబ్బు అడగడం. రెండోది, అద్దె ఒప్పందాన్ని ముగించడం. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉండవచ్చు. కానీ ఒకదానికొకటి ముడి వేయకూడదు. బకాయి కట్టినా కట్టకపోయినా ఒప్పందం ఫలానా రోజుతో ముగుస్తుంది. ఇల్లు ఖాళీ చేసినా చేయకపోయినా బకాయి బకాయిగానే ఉంటుంది. నోటీసు చదివినవాళ్లకు ఈ రెండు సంగతులూ విడివిడిగా, అనుమానం లేకుండా కనబడాలి.

మీ విషయంలో రెండో పనికి ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్. పదకొండు నెలల గడువు తీరిన తర్వాత కూడా ఆయన ఉంటూ అద్దె ఇచ్చారు, మీరు తీసుకున్నారు కాబట్టి, 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ అద్దెగా కొనసాగుతున్నట్టు లెక్క. నివాసపు ఇంటి నెలవారీ అద్దెను వేరే ఒప్పందం లేనప్పుడు పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఇందుకు కారణం చెప్పనక్కరలేదు. ఈ చివరి మాట చాలామందికి వింతగా తోస్తుంది. అద్దె ఎగ్గొట్టాడనే కదా వెళ్లమంటున్నాం, ఆ మాట రాయవద్దా అంటారు. బకాయి అడిగే పేరాలో రాయండి. రద్దు చేసే పేరాలో మాత్రం రాయకండి. 'అద్దె కట్టనందువల్ల రద్దు చేస్తున్నాను' అంటే, షరతు మీరినందుకు హక్కు పోగొడుతున్నట్టు అర్థం తీసే వీలుంటుంది. అలాంటి చోట 114వ సెక్షన్ అద్దెదారుకు ఒక దారి ఇస్తుంది. విచారణ నాటికి బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే కోర్టు అతన్ని ఇంట్లో కొనసాగనివ్వవచ్చు. నెలవారీ అద్దెను మామూలుగా ముగించే చోట ఆ వాదన తలెత్తకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.

గడువు లెక్క చాలామంది నోటీసు రాసిన తేదీ నుంచి వేస్తారు. అది తప్పు. 2002 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం నోటీసు అందిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అదే సవరణ యజమానులకు ఒక ఊరట కూడా ఇచ్చింది. నోటీసులో రాసిన గడువు ఒకటి రెండు రోజులు తక్కువైనా, చట్టం చెప్పిన గడువు గడిచాక దావా వేస్తే ఆ కారణం ఒక్కదానితో నోటీసు చెల్లకుండా పోదు. అయినా అక్కడిదాకా ఎందుకు వెళ్లాలి?

ముందుగా మీ పాత అగ్రిమెంటు తీసి చూడండి. అలాంటి కాగితాల్లో 'ఇరుపక్షాల్లో ఎవరైనా ఒక నెల ముందు తెలియజేయాలి' అన్న వాక్యం తరచూ ఉంటుంది. గడువు తీరిన ఒప్పందంలోని ఆ షరతు ఇప్పటికీ వర్తిస్తుందా లేదా అన్నది వాదించుకోదగ్గ విషయమే. ఆ వాదన మీకెందుకు? ఎక్కువ గడువు ఇస్తే పోయేది రెండు వారాలు. తక్కువ ఇస్తే పోయేది అంతకంటే ఎక్కువ. నెలకు ముప్పై రోజులా ముప్పై ఒకటా అన్న రంధి కూడా లేకుండా నేను 'అందిన తేదీ నుంచి 31 రోజులు' అని రాస్తాను. మీ నోటీసు జనవరి 6న ఆయన చేతికి అందిందనుకోండి. అందిన రోజు వదిలేసి 7వ తేదీ నుంచి లెక్కిస్తే ఫిబ్రవరి 6తో 31 రోజులు నిండుతాయి. ఆ రోజు ముగిసేసరికి ఒప్పందం ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి ఆయన అద్దెదారు కారు, అనుమతి లేకుండా ఉంటున్న వ్యక్తి.

ఇక డబ్బు లెక్క. కాగితం కలం తీసుకుని నెలనెలా రాయండి, మొత్తం ఒక్క అంకె వేసి ఊరుకోకండి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అయిదు నెలలు, నెలకు 14,000 చొప్పున 70,000. అక్టోబరులో వచ్చిన 6,000 ఏ నెలకని ఆయన చెప్పలేదు కాబట్టి దాన్ని అన్నిటికంటే పాత బాకీకి, అంటే ఆగస్టుకు జమ కట్టండి. కాంట్రాక్టు చట్టం మీకు ఆ వెసులుబాటు ఇస్తుంది. ఆగస్టులో 8,000 మిగిలింది, తక్కిన నాలుగు నెలలు పూర్తిగా మిగిలాయి. మొత్తం 64,000. ఆయన వాడకపు కరెంటు బిల్లు మీరు కట్టి ఉంటే, రశీదులున్న మేరకు దాన్ని వేరే వరుసలో చూపండి, అద్దెలో కలపకండి.

జనవరి అద్దె కలపాలా? మీ అగ్రిమెంటులో అద్దె ఏ తేదీలోపు కట్టాలని ఉందో చూడండి. చాలావాటిలో 5వ తేదీ అని ఉంటుంది. అలా ఉంటే జనవరి 3 నాటికి ఆ నెల అద్దె ఇంకా బాకీ పడలేదు. కలిపితే అంకె తప్పవుతుంది. అంకె ఒక్కచోట తప్పయినా అవతలి ప్లీడరు మొత్తం లెక్కనే అబద్ధమంటాడు. జనవరి సొమ్ము గురించి 'ఒప్పందం ముగిసేవరకు పెరుగుతున్న అద్దె కూడా మీరే చెల్లించాలి' అన్న మాట చాలు. వడ్డీ విషయంలో ఆవేశం వద్దు. నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అని సొంతంగా రాసేవాళ్లను చూశాను. అగ్రిమెంటులో వడ్డీ మాట లేకపోతే అది నిలబడదు. అయితే 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం, వడ్డీ కోరతామని నోటీసులో రాస్తే ఆ తేదీ నుంచి కోర్టు సబబనుకున్న వడ్డీ ఇప్పించవచ్చు. అందుకు ఒక్క వాక్యం సరిపోతుంది.

'అడ్వాన్సులో పట్టుకోండి' అన్నది బలమైన జవాబు కాకపోయినా, నోటీసులో దాని ఊసెత్తకపోతే బలం పుంజుకుంటుంది. మీ దగ్గర 42,000 ఉన్నట్టు దాచకుండా రాయండి. అది ఇల్లు అప్పగించే రోజున లెక్క చూసుకోవడానికి ఉంచుకున్న సొమ్మని, అప్పుడు సర్దుబాటు చేస్తామని చెప్పండి. మీ అగ్రిమెంటులో దీని గురించి ఏమని ఉందో ఆ మాటలనే వాడండి. అడ్వాన్సు ఇప్పుడే బకాయిలో తీసేసినా ఇంకా 22,000 నిలిచే ఉంటుందన్నది గుర్తుంచుకోండి, అది కోర్టులో పనికొస్తుంది.

నోటీసు ఎవరు ఇవ్వాలన్నది మీ ప్రశ్నలో లేదు. కానీ నా కన్ను ముందు దాని మీదే పడింది. ఇల్లు అమ్మగారి పేరున ఉంది, అగ్రిమెంటులో యజమానిగా సంతకం ఆమెదై ఉంటుంది. కాబట్టి నోటీసు ఆమె పేరున వెళ్లాలి, సంతకం ఆమె చేయాలి. చట్టం 'తరఫున' సంతకం చేయడాన్నీ ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు మీకా అధికారం ఎక్కడిది అన్న ప్రశ్న వస్తుంది. అమ్మగారు కలం పట్టగలిగితే ఆ ప్రశ్నే పుట్టదు. లాయరు ద్వారా పంపితే 'నా క్లయింటు సూచన మేరకు' అని వాళ్లే చూసుకుంటారు. లాయరు ద్వారానే పంపాలన్న నియమం లేదు. తెలుగులో రాయడానికీ అడ్డేమీ లేదు. ఆయనకు బాగా వచ్చిన భాషలో ఉంటే 'అర్థం కాలేదు' అనే సాకు ఉండదు.

నేనైతే మీ నోటీసు అసలు భాగాన్ని ఇలా రాస్తాను. పైన తేదీ, అమ్మగారి పేరు, చిరునామా, ఆయన పేరు, చిరునామా ఉంటాయి.

"1. డోర్ నంబరు ... గల నా ఇంటి కింది భాగంలో మీరు నెలవారీ అద్దెదారుగా ఉంటున్నారు. అద్దె నెలకు రూ.14,000. ఆ భాగం వివరాలు, నాలుగు హద్దులు ఈ నోటీసు చివర ఇచ్చాను.

2. 2025 ఆగస్టు అద్దెలో రూ.8,000, సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు నాలుగు నెలల అద్దె రూ.56,000, మొత్తం రూ.64,000 మీరు నాకు బాకీ ఉన్నారు. అక్టోబరులో మీరు పంపిన రూ.6,000 ఆగస్టు అద్దెకు జమ చేసుకున్నాను. ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో రూ.64,000 చెల్లించవలసిందిగా కోరుతున్నాను. చెల్లించని పక్షంలో ఈ నోటీసు తేదీ నుంచి వడ్డీ కూడా కోరతాను.

3. మీ అడ్వాన్సు రూ.42,000 నా వద్ద ఉంది. మీరు ఇంటి ఖాళీ స్వాధీనం అప్పగించిన రోజున లెక్క చూసి సర్దుబాటు చేస్తాను.

4. మీ నెలవారీ అద్దె ఒప్పందాన్ని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద ఇందుమూలంగా ముగిస్తున్నాను. ఈ నోటీసు మీకు అందిన తేదీ నుంచి 31 రోజులు నిండడంతో అది ముగుస్తుంది. ఆలోగా ఇల్లు ఖాళీ చేసి నాకు స్వాధీనం చేయండి. అప్పటివరకు అద్దె చెల్లించవలసిన బాధ్యత మీదే.

5. ఆ తర్వాత కూడా మీరు ఉంటే, ఉన్న ప్రతి రోజుకూ వాడకానికి నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. ఖాళీ స్వాధీనానికి, బకాయికి, నష్టపరిహారానికి ఖర్చులతో సహా కోర్టులో దావా వేస్తాను.

6. ఈ నోటీసు తర్వాత మీరు కట్టే ఏ సొమ్మయినా బకాయికి, వాడకపు పరిహారానికి మాత్రమే జమ అవుతుంది. దాన్ని తీసుకున్నంత మాత్రాన 4వ పేరా నుంచి నేను వెనక్కి తగ్గినట్టు కాదు."

రెండో పేరాలో పదిహేను రోజులు, నాలుగో పేరాలో ముప్పై ఒక్క రోజులు ఎందుకు వేరుగా ఉన్నాయో గమనించారు కదా. ఆయన పదిహేనో రోజున మొత్తం డబ్బు కట్టేసినా నాలుగో పేరా అలాగే నిలుస్తుంది. అయిదో పేరాలో 'అద్దె' అన్న మాట లేదు. ఒప్పందం ముగిశాక వచ్చేది అద్దె కాదు కాబట్టే అలా రాశాను. అది పాత అద్దెతో సమానంగా ఉండాలనీ లేదు. చుట్టుపక్కల అలాంటి ఇంటికి ఇప్పుడు ఎంత వస్తుందో రుజువు చూపితే కోర్టు అంత ఇప్పించవచ్చు.

ఆరో పేరా ఉత్తుత్తి మాట కాదు. నోటీసు అందిన తర్వాత తెలివైన అద్దెదారు చేసే మొదటి పని, చడీచప్పుడు లేకుండా బ్యాంకు ఖాతాలో ఒక నెల సొమ్ము వేయడం. పక్కన 'ఫిబ్రవరి అద్దె' అని రాస్తాడు. తర్వాత ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ చూపించి, అద్దె తీసుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నారంటాడు. డబ్బు తీసుకున్నంత మాత్రాన నోటీసు వదులుకున్నట్టు కాదని, ఒప్పందాన్ని కొనసాగించే ఉద్దేశం కనబడాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయినా డబ్బు పడిన రోజే ఆయనకు ఒక మెసేజీ, ఒక ఉత్తరం పంపండి: 'మీరు వేసిన రూ.14,000 నోటీసు 6వ పేరా ప్రకారం బకాయికి జమ చేసుకున్నాను.' ముగింపు తేదీ దాటాక 'అద్దె ముట్టింది' అని రశీదు మాత్రం రాయకండి. పాత అలవాటు కొద్దీ అమ్మగారు రాసిచ్చే ప్రమాదం ఉంది, ముందే చెప్పి ఉంచండి.

పంపే పద్ధతికి వద్దాం. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ సదుపాయం, అందినట్టు సంతకం తెచ్చే అక్నాలెడ్జ్‌మెంటు కావాలని నోరు విప్పి అడగండి. రెండు కవర్లు పంపండి. ఒకటి మీ ఇంటి కింది భాగానికి, ఇంకోటి అగ్రిమెంటులో ఆయన రాసిన సొంతూరి చిరునామాకు. నోటీసు నకలు మీద కూడా అమ్మగారి సంతకం ఉండాలి. పోస్టాఫీసు రశీదు, ట్రాకింగు పేజీ ప్రింటు, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఆ నకలుకే పిన్ను కొట్టి దాచండి. ట్రాకింగు వివరాలు ఎప్పటికీ ఆ సైట్లో ఉండవు, అందిన వారంలోనే ప్రింటు తీసుకోండి.

కవరు తిరిగొచ్చిందని బెంగపడకండి. దాని మీద 'తీసుకోలేదు', అంటే నిరాకరించాడని రాసి ఉంటే మీకు అది దాదాపు అందినట్టే. సరైన చిరునామాకు, సరైన తపాలా కట్టి, రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని జనరల్ క్లాజుల చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అందలేదని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. ఆ కవరును తెరవకండి. తెరవని కవరు, దాని మీద పోస్ట్‌మ్యాన్ రాత, తేదీ ముద్ర, ఇవే మీ సాక్ష్యం. ఆత్రంగా చింపి లోపల నోటీసు ఉందో లేదో చూసుకున్న క్లయింటు నాకొకరున్నారు. ఆ చింపిన కవరును జడ్జిగారికి చూపించేటప్పుడు నాకే మొహమాటమేసింది.

'తలుపు తాళం' అని తిరిగొస్తే కొంచెం బలహీనం. అప్పుడు మళ్లీ పంపండి. చట్టం ఇంకో దారి కూడా చెబుతుంది. ఆయనకు గానీ, ఆ ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులకు, పనివాళ్లకు గానీ స్వయంగా ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే ఇంటికి కొట్టొచ్చినట్టు కనబడే చోట అంటించవచ్చు. అంటించడం మొదటి మెట్టు కాదు, పైవి కుదరనప్పుడు చేసేది. చేసినప్పుడు ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల సమక్షంలో, తలుపు, డోర్ నంబరు, కాగితం మూడూ పడేలా ఫోటో తీయండి. వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ దాన్నే నమ్ముకోకండి. పోస్టుకు తోడుగా అది మంచిదే.

కరెంటు సంగతి. తీసేయకండి. నీళ్లు ఆపకండి, ఆయన ఊరెళ్లినప్పుడు తాళం మార్చకండి, సామాను బయట పెట్టించకండి. ఒప్పందం ముగిసినా ఆయన్ని ఖాళీ చేయించాల్సింది కోర్టు ఉత్తర్వే. బలవంతంగా బయటికి పంపితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆయన ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది అసలు విషయమే కాదు. అంతకంటే ముందే ఇంజంక్షన్ తెచ్చుకుంటారు. అప్పటిదాకా అద్దె ఎగ్గొట్టిన మనిషి ఒక్క రోజులో బాధితుడైపోతారు, మీరు సంజాయిషీ చెప్పుకోవాలి. నోటీసులో కూడా కరెంటు తీస్తామని, నలుగురికీ చెబుతామని బెదిరించకండి. ఆ కాగితాన్ని రేపు జడ్జి చదువుతారు.

నోటీసు పంపే ముందు ఒకటి తేల్చుకోండి. మీ రాష్ట్రంలోని అద్దె నియంత్రణ చట్టం ఈ ఇంటికి వర్తిస్తుందా? వర్తించడం, వర్తించకపోవడం ఇల్లు ఎక్కడుంది, ఎంత పాతది, అద్దె ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది. వర్తిస్తే మీరు వెళ్లాల్సింది మామూలు సివిల్ కోర్టుకు కాదు, రెంట్ కంట్రోలరు దగ్గరకు. అక్కడ ఖాళీ చేయించడానికి 106వ సెక్షన్ నోటీసు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది. కానీ అక్కడ కారణం కావాలి, బకాయి లెక్కే మీ కేసుకు ఆయువుపట్టు. ఈ ఒక్క ముక్క స్థానిక లాయరును అరగంట కూర్చుని అడిగినా తేలిపోతుంది. పై నోటీసు పంపడం వల్ల అక్కడ కూడా నష్టం లేదు.

నోటీసుకు ఆయన జవాబిస్తే, 'అద్దె చేతికిచ్చాను, రశీదు ఇవ్వలేదు' అని గానీ, 'మరమ్మతులకు ఖర్చు పెట్టాను' అని గానీ వస్తుంది. ఊరుకోకండి. రెండు వారాల్లోగా చిన్న జవాబు పంపండి, బ్యాంకు ఖాతా వివరం జత చేయండి. అంతకుముందు నెలల అద్దె ఖాతాకే వచ్చి, ఆగస్టు నుంచి మాత్రమే చేతికిచ్చానంటే ఆ తేడా కళ్లకు కడుతుంది. అక్టోబరులో ఫోన్‌లో పంపిన ఆరు వేలు కూడా ఇక్కడ మీకే పనికొస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు పూర్తిగా ముట్టజెప్పిన మనిషి అక్టోబరులో సగం కంటే తక్కువ ఎందుకు పంపినట్టు?

ఫిబ్రవరి 6 దాటాక కదలిక లేకపోతే ఖాళీ స్వాధీనం, బకాయి, నష్టపరిహారం మూడూ కలిపి ఒకే దావా వేయించండి. నోటీసు ఇచ్చాం కదా అని ఏళ్లు గడపకండి. ఒక్కో నెల అద్దె బాకీకి మూడేళ్ల కాలపరిమితి ఉంది, అది ఏ నెలకు ఆ నెల విడిగా నడుస్తుంది. పాత అగ్రిమెంటు అసలు కాగితం, ఇంటి దస్తావేజు, పన్ను రశీదు, బ్యాంకు ఖాతా వివరం, పిన్ను కొట్టిన ఆ నకలు ఒక ఫైల్లో పెట్టి ఉంచితే దావా రాయడానికి లాయరుకు రెండు రోజుల పని.